బేకరీకి కొత్త పేరు: డిజైనర్‌కు ఏం రాసి పంపాలి?

బేకరీకి కొత్త పేరు కావాలని చిన్న ఊరి యజమానురాలు డిజైనర్‌కు పంపే సందేశం చాలాసార్లు వాట్సాప్‌లో రెండు ముక్కల్లో ముగుస్తుంది. “మా బేకరీకి మంచి పేరు, లోగో కావాలండీ. క్యాచీగా, కొంచెం క్లాసీగా, అందరికీ నచ్చేలా ఉండాలి.” ఇందులో తప్పు మాట ఒక్కటీ లేదు. అయితే డిజైనర్‌కు పనికొచ్చే మాట కూడా ఒక్కటీ లేదు. ఇదే సందేశం చెప్పుల కొట్టుకూ సరిపోతుంది, బ్యూటీ పార్లర్‌కూ సరిపోతుంది. డిజైనర్ తనకు తోచిన పది పేర్లు పంపుతాడు. “ఇవి కాదండీ, ఇంకేమైనా చూడండి” అని జవాబొస్తుంది. మూడో విడతకు ఇద్దరికీ విసుగు పుడుతుంది. ఆఖరికి మేనల్లుడు భోజనాల దగ్గర అన్న పేరేదో బోర్డెక్కుతుంది.

డిజైన్ పనిలో ఉన్నవాళ్లు ఈ సందేశాన్ని బ్రీఫ్ అంటారు. పేరు ఎలా అనిపించాలో చెప్పడం దాని పని కాదు. ఆ పేరు ఏ పని చెయ్యాలో, ఎక్కడెక్కడ చెయ్యాలో, ఏం చెయ్యకూడదో చెప్పడం దాని పని. జార్జ్ ఈస్ట్‌మన్ 1888లో తన కెమెరాకు కొడాక్ అనే పేరు రిజిస్టర్ చేయించినప్పుడు అలా ఎందుకు పెట్టానన్నదానికి మూడు కారణాలు చెప్పాడు. పేరు పొట్టిగా ఉంది, ఎవరూ తప్పుగా పలకలేరు, ఆ వ్యాపారంలో ఉన్న మరే పేరునూ పోలదు. వీటిలో ‘అందంగా ఉంది’ అన్న మాట లేదు. మూడూ పరీక్షించి చూడగలిగేవే. బేకరీ యజమానురాలి సందేశంలో ఉండాల్సినవీ ఇలాంటి మాటలే.

గోదావరి డెల్టాలో కాలవ లాకులున్న ఒక ఊరిని ఉదాహరణగా తీసుకుందాం. లాకుల వంతెన దిగగానే ఒక షట్టర్ వెడల్పున్న బేకరీ. బోర్డు మీద ‘శ్రీ లక్ష్మీ బెంగళూరు అయ్యంగార్ బేకరీ’ అని ఉంటుంది. దాన్ని నడిపే ఆవిడది బెంగళూరు కాదు, వాళ్లు అయ్యంగార్లూ కారు. పదకొండేళ్ల కిందట పాత యజమాని దగ్గర ఓవెన్‌తో, బోర్డుతో సహా కొట్టు కొన్నారు. పేరు దానితోపాటు వచ్చింది.

ఇలాంటి పేర్లు మన ఊళ్లలో ఎందుకిన్ని ఉన్నాయో తెలిస్తే ఆవిడ ఇబ్బంది అర్థమవుతుంది. కర్ణాటకలోని హాసన్ ప్రాంతం నుంచి బెంగళూరు చేరిన అయ్యంగార్ కుటుంబాలు అక్కడ గుడ్డు వాడని బేకరీలు నడిపి పేరు తెచ్చుకున్నాయి. ఆ రుచికి పేరొచ్చాక ‘బెంగళూరు అయ్యంగార్’ అన్నది ఒక ఇంటి పేరుగా కాక ఒక రకం కొట్టుకు గుర్తుగా మారిపోయింది. ఇప్పుడది ఎవరి సొత్తూ కాదు, అందరి బోర్డుల మీదా ఉంటుంది. లాకుల దగ్గరి బేకరీలోనేమో అన్నిటికన్నా ఎక్కువ అమ్ముడయ్యేది ఎగ్ పఫ్! బోర్డు చూసి ఎగ్‌లెస్ అనుకుని లోపలికొచ్చిన పెద్దావిడ అద్దాల అరలో గుడ్డు పఫ్‌లు చూసి వెనక్కి తిరిగితే తప్పు ఆమెది కాదు, బోర్డుది.

సందేశంలో ముందు రాయాల్సింది పేరు ఎందుకు మారుస్తున్నారన్నదే. చాలామంది దీన్ని వదిలేస్తారు, ‘అది మన గొడవ, ఆయనకెందుకు’ అనుకుంటారు. నిజానికి పేరు ఏ పని చెయ్యాలో ఈ కారణాల్లోనే ఉంటుంది. ఈ బేకరీకి కారణాలు మూడు. ఊళ్లో ఇదే మాటలతో ఇంకో రెండు కొట్లున్నాయి, పుట్టినరోజు కేకు కోసం ఫోన్లో చేసే ఆర్డర్లు అటు ఇటు పోతున్నాయి. రెండోది, ఇందాక చెప్పిన ఎగ్‌లెస్ తికమక. మూడోది, కొడుకు చదువు ముగించుకుని వచ్చాడు, రస్కులు ప్యాకెట్లలో కట్టి చుట్టుపక్కల ఊళ్ల కిరాణా కొట్లకు వెయ్యాలనుకుంటున్నారు. మొదటి కారణం వేరుగా వినబడే పేరు కోరుతోంది. రెండోది అబద్ధమాడని పేరు కోరుతోంది. మూడోది ఈ ఊరు దాటి వెళ్లగల పేరు కోరుతోంది. ‘క్యాచీ’ అన్న ఒక్క మాటలో ఇవేవీ కనబడవు.

తరవాత రాయాల్సింది జనం ఇప్పటికే ఆ కొట్టును ఏమని పిలుస్తున్నారో. బోర్డు మీద ఏమున్నా ఊరికి తన పేరు తనకుంటుంది. ఈ బేకరీని ఎవరూ శ్రీ లక్ష్మీ అనరు, అయ్యంగార్ అనరు. “లాకుల దగ్గర బేకరీలో తీసుకో” అంటారు. కాకినాడ కాజాను జనం కోటయ్య పేరుతోనే గుర్తుపెట్టుకున్నారు. 1948లో కర్నూలులో మొదలైన పుల్లారెడ్డి మిఠాయికి మనిషి పేరే చాలింది. ఇవి ఎవరో కూర్చుని ఆలోచించి అతికించినవి కావు. నోట్లో నలిగి నిలిచిన మాటలు. అందుకే ఆవిడ రాసే సందేశంలో ‘జనం మమ్మల్ని లాకుల బేకరీ అంటారు’ అన్న ఒక్క వాక్యం, ఆవిడ చివర్లో ఊరికే కలిపిందైనా సరే, మిగతా పేజీ అంత విలువైనది. దీన్ని కనుక్కోవడానికి పెద్ద సర్వే ఏమీ అక్కర్లేదు. వారం రోజులు ఫోన్ ఎత్తినప్పుడు అవతలివాళ్లు మొదట అనే మాట కౌంటర్ దగ్గరి కుర్రాడు ఒక నోటుబుక్కులో రాసిపెడితే సరిపోతుంది.

ఆ బుక్కులోనే ఎవరు, ఎప్పుడు, ఏం కొంటున్నారో కూడా తేలుతుంది. ‘అన్ని వర్గాల కస్టమర్లు’ అని రాస్తే డిజైనర్‌కు ఎవరి ముఖమూ కనబడదు. పొద్దున్నే రొట్టె, పాలకోసం వచ్చేవాళ్లు కొందరు. నాలుగింటికి కాలేజీ బస్సులు ఆగే వేళకు కొబ్బరి బన్నులు ఓవెన్ నుంచి దిగుతాయి, అరగంటలో అయిపోతాయి. సాయంత్రం ఏడు తరవాత కూల్‌కేకులకు ఆర్డరిచ్చినవాళ్లు బైకుల మీద వస్తారు. ఇలా రాస్తే చదివే మనిషికి కొట్టు కళ్లకు కడుతుంది, పేర్లు ఎక్కడ వెతకాలో తెలుస్తుంది. నాలుగు గంటలకు దిగే బన్ను ఒక పేరుకు ముడిసరుకు. ‘నాణ్యత, రుచి మా ప్రత్యేకత’ అన్నది కాదు.

ఇక పేరు ఎక్కడెక్కడ ఉండబోతుందో రాయాలి. ఇక్కడ కొలతలతో సహా రాయడం మంచిది, ఎందుకంటే తెలుగులో పేరు బోర్డెక్కినప్పుడు లిపే కొన్ని షరతులు పెడుతుంది. పాత పేరులో అక్షరాలు పద్నాలుగు, మాటల మధ్య ఖాళీలు నాలుగు. షట్టర్ మీద బోర్డు పొడవు పది అడుగులు, అంటే 120 అంగుళాలు. పద్దెనిమిది భాగాలు చేస్తే ఒక్కో అక్షరానికి దక్కేది ఆరున్నర అంగుళాల చోటు. పది అడుగుల దూరానికి అంగుళం ఎత్తు అక్షరం ఉంటే హాయిగా చదవొచ్చన్నది బోర్డులు చేసేవాళ్ల మోటు లెక్క. అది ఇంగ్లీషు పెద్దబడి అక్షరాలకు. తెలుగులో ‘లక్ష్మీ’ అన్న మాటలో ఒకే అక్షరం కింద రెండు వత్తులు, పైన గుడి దీర్ఘం. ఇవన్నీ ఇమడాలంటే అసలు అక్షరం సగానికి కుంచించుకుపోతుంది. దాంతో వంతెన మీద బస్సులో వెళ్లే మనిషికి ఆ బోర్డు రంగుగా కనబడుతుందే గాని పేరుగా కనబడదు. మూడు, నాలుగు అక్షరాల పేరు, వత్తులు తక్కువగా ఉన్నది అయితే అదే బోర్డు మీద అడుగు ఎత్తున నిలబడుతుంది. లైట్ల అక్షరాలు పెట్టించేవాళ్లకు ఇంకో తిప్పలుంది. తలకట్టు, వత్తు అక్షరానికి అతకకుండా విడిగా ఉంటాయి కాబట్టి ఒక్కోదానికి వేరే ముక్క కొయ్యాలి, వేరే వైరు లాగాలి. రెండేళ్లకు ఒక వత్తు లైటు పోతే పేరే మారిపోతుంది.

బోర్డు తెలుగులోనా ఇంగ్లీషులోనా అన్న చర్చ ఇళ్లలో తెగ నడుస్తుంది. చట్టం ప్రకారం ఆ చర్చకు పెద్దగా చోటు లేదు. ఉమ్మడి రాష్ట్రం నాటి నుంచీ ఉన్న దుకాణాల నిబంధనలు పేరు బోర్డు మీద తెలుగు ఉండాలనీ, వేరే భాష రాస్తే అది తెలుగు కింద రావాలనీ చెబుతాయి. ఎంతమంది పాటిస్తున్నారన్నది వేరే మాట. సందేశంలో ‘తెలుగు పైన, ఇంగ్లీషు కింద’ అని ముందే రాస్తే డిజైనర్ తెలుగు అక్షరాలతోనే లోగో మొదలుపెడతాడు. లేకపోతే ఇంగ్లీషు లోగో ఒకటి అందంగా గీసి, చివర్లో కంప్యూటర్‌లో దొరికిన ఏదో తెలుగు ఫాంటు కింద అతికిస్తాడు. మన బజార్లలో సగం బోర్డులు ఇలా పుట్టినవే.

ఇంగ్లీషు అక్షరాల్లో పేరు ఎలా రాస్తారన్నది మాత్రం తీసిపారేయకూడదు. గూగుల్ మ్యాప్‌లో వెతికేవాడు, ఫోన్లో నంబర్ సేవ్ చేసుకునేవాడు, డబ్బు పంపేవాడు, అందరూ ఆ అక్షరాలే కొడతారు. తెలుగులో త, ట, థ ఉన్నచోట ఇంగ్లీషులో ఒకరు ఒకటి రాస్తే ఇంకొకరు రెండు రాస్తారు. ద, డ కూడా అంతే. ల, ళ తేడా ఉండదు, న, ణ తేడా ఉండదు. దీర్ఘం దగ్గర ఒకరు అక్షరం రెండుసార్లు కొడితే ఇంకొకరు ఒక్కసారే కొడతారు. ‘తీపి’ అన్న చిన్న మాటనే నలుగురి చేత రాయిస్తే మూడు రకాలుగా వస్తుంది. మ, ప, ర, క, బ లాంటివి, హ్రస్వాలు ఉన్న మాటలు దాదాపు ఒకేలా రాస్తారు. ఈ పరీక్షను యజమానురాలే సందేశంలో షరతుగా పెట్టొచ్చు: ‘పేరు ఫోన్లో ఒక్కసారి చెబితే అవతలి మనిషి సరిగ్గా రాయాలి, తెలుగులోనూ ఇంగ్లీషులోనూ.’

వద్దనుకున్నవి కూడా కారణాలతో సహా రాయాలి. ఉత్త ‘దేవుడి పేరు వద్దు’ కంటే ‘కేకు డబ్బా మీద దేవుడి పేరుంటే మావాళ్లు దాన్ని చెత్తబుట్టలో వెయ్యలేక ఇబ్బంది పడుతున్నారు’ అన్న మాట డిజైనర్‌కు ఎక్కువ చెబుతుంది. దేవుళ్ల, పురాణాల పేర్లతో చట్టం దగ్గర కూడా ఒక చిక్కుంది. అగరొత్తులకు ‘రామాయణ్’ అన్న పేరు మీద వచ్చిన తగాదాలో సుప్రీంకోర్టు 2015లో, పవిత్ర గ్రంథం పేరును ఒక్కరే ట్రేడ్‌మార్క్‌గా సొంతం చేసుకోలేరని తేల్చింది. కొట్టు మీద శ్రీ లక్ష్మీ అని రాసుకోవడాన్ని ఎవరూ ఆపరు. పక్క వీధివాడు కూడా అదే రాస్తే ఆపడం మాత్రం కష్టం.

ఊరి పేర్ల సంగతి వేరు. హైదరాబాద్ మొజంజాహీ మార్కెట్ దగ్గర 1953లో సింధీ కుటుంబం పెట్టిన కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లతో దేశమంతా తెలిసింది. తాము వదిలి వచ్చిన ఊరి జ్ఞాపకమది. 2019లో పుల్వామా దాడి తరవాత బెంగళూరులోని వాళ్ల కొట్టు ముందు కొందరు ఆందోళన చేస్తే బోర్డు మీద ‘కరాచీ’ అన్న మాటను గుడ్డతో కప్పాల్సి వచ్చింది. పేరు మార్చలేదు, అన్నేళ్లు సంపాదించిన పేరును ఎవరు మాత్రం మార్చుకుంటారు? కొత్తగా పెట్టేవాళ్లకు మాత్రం ఇందులో ఒక సంగతి ఉంది. ఊరి పేరు తనతోపాటు ఆ ఊరి మంచిచెడులన్నీ మోసుకొస్తుంది.

సంఖ్యాశాస్త్రం గురించి డిజైనర్‌తో మాట్లాడటానికి చాలామంది మొహమాటపడతారు. మొహమాటం వల్లే పని చెడుతుంది. పేరు కుదిరి, లోగో గీసి, డబ్బు సగం ఇచ్చాక “మా పంతులుగారు ఇంకో అక్షరం కలపమన్నారు” అని ఫోనొస్తుంది. కలిపిన అక్షరంతో లోగో కొలతలు చెడతాయి, స్పెల్లింగు ఎవరికీ గుర్తుండదు. నమ్మకం ఉంటే తప్పులేదు. ఏ అక్షరంతో మొదలవ్వాలో, మొత్తం ఎంత రావాలో మొదటి సందేశంలోనే రాస్తే అది కూడా ఒక కొలతే అవుతుంది. అలాగే ఆఖరి మాట ఎవరిదో కూడా రాయాలి. ఇంట్లో నలుగురూ ఓటేసిన పేరు ఎప్పుడూ నలుగురికీ పెద్దగా అభ్యంతరం లేని పేరే అవుతుంది.

ఇవన్నీ కలిపితే ఆవిడ పంపే సందేశం సుమారుగా ఇలా ఉంటుంది.

“నమస్తే అండీ. మాది లాకుల దగ్గర బేకరీ. బోర్డు మీద శ్రీ లక్ష్మీ బెంగళూరు అయ్యంగార్ అని ఉంది గానీ ఎవరూ అలా అనరు, లాకుల బేకరీ అంటారు. పేరు మార్చాలనుకోవడానికి కారణం, ఊళ్లో ఇదే పేరు ఇంకో ఇద్దరికి ఉంది, మా కేకు ఆర్డర్లు వాళ్లకు పోతున్నాయి. పైగా మా దగ్గర ఎగ్ పఫ్‌లే ఎక్కువ పోతాయి, అయ్యంగార్ అంటే ఎగ్‌లెస్ అనుకుని కొందరు వచ్చి బాధపడుతున్నారు. కొబ్బరి బన్ను మా దగ్గర బాగుంటుందని పేరు. నాలుగింటికి వేడిగా దిగుతుంది, కాలేజీ పిల్లలు ఉంటారు. వచ్చే ఏడు రస్కు ప్యాకెట్లు కట్టి పక్క ఊళ్లకు వేద్దామని మా అబ్బాయి అంటున్నాడు, అందుకని పేరు ప్యాకెట్ మీద కూడా బాగుండాలి. బోర్డు పది అడుగుల పొడవు, మూడు అడుగుల ఎత్తు. తెలుగు పైన ఉండాలి. ఫోన్లో చెబితే ఒక్కసారికే అర్థం కావాలి. దేవుడి పేరు వద్దండీ, డబ్బాలు పారేస్తారు. మా ఇంటిపేరు వద్దు, మా బావగారికి అదే పేరుతో స్వీటు షాపుంది. పంతులుగారిని అడిగేది లేదు. మూడు పేర్లు చాలు, పది వద్దు. మా అబ్బాయి చూస్తాడు గానీ ఖాయం చేసేది నేనే. సంక్రాంతిలోపు బోర్డు ఎక్కాలి.”

ఇది అందంగా రాసిన ఉత్తరం కాదు, కానీ దీనిలో డిజైనర్ తిరిగి అడగాల్సింది దాదాపు ఏమీ లేదు. ‘బావగారికి స్వీటు షాపుంది’ లాంటి మాట ఏ ప్రశ్నాపత్రంలోనూ ఉండదు. అది తెలియకపోతే మాత్రం మొదటి విడత పేర్లలో ఇంటిపేరు తప్పక వచ్చేది.

ఈ సందేశం నుంచి డిజైనర్ మూడు పేర్లు తెచ్చాడనుకుందాం: ‘లాకుల బేకరీ’, ‘నాలుగింటికి’, ‘మురిపెం’.

మొదటిది జనం నోట్లో ఉన్నదే. కొత్తగా నేర్పాల్సిన పని లేదు, మర్నాటి నుంచే నడుస్తుంది. కానీ అది ఒక చోటును చెప్పే పేరు. రస్కు ప్యాకెట్ పక్క మండలానికి వెళ్తే అక్కడ లాకులంటే వాళ్ల కాలవ లాకులే. కొట్టు మారినా, రెండో కొట్టు పెట్టినా పేరు వెనకే ఉండిపోతుంది. రెండోది వినగానే బాగుంటుంది. వేడి బన్ను వేళ గుర్తొస్తుంది, ఇంకెవరికీ ఉండదు. అయితే ఇంగ్లీషు అక్షరాల్లో రాయమంటే ఒకరు మొదట్లో దీర్ఘం పెడతారు, ఒకరు పెట్టరు, ఒకరు మధ్యలో అచ్చు మింగేస్తారు. “నాలుగింటికి నుంచి కేకు తెచ్చాను” అన్న వాక్యం నోటికి కుదరదు కూడా. పేరుకు ‘లో’, ‘నుంచి’, ‘కి’ తగిలించి పలికి చూడటం తెలుగులో తప్పనిసరి పరీక్ష. విభక్తి పట్టని పేరు జనం నోట్లో రెండు నెలలు కూడా నిలవదు. మూడోది, మురిపెం, మూడే అక్షరాలు. వత్తు లేదు. “మురిపెంలో తీసుకున్నాం” అనొచ్చు. ఇంగ్లీషులో దాదాపు అందరూ ఒకేలా రాస్తారు. బేకరీ అని అర్థం రాదు కాబట్టి కింద చిన్నగా బేకరీ అని రాసుకోవాలి.

బేకరీ అని అర్థం రాకపోవడం లోపం అనిపించినా, చట్టం దృష్టిలో అదే బలం. 1999 నాటి ట్రేడ్‌మార్క్‌ల చట్టం సరుకు గుణాన్నో, రకాన్నో, పుట్టిన చోటునో చెప్పే మాటలకు మామూలుగా రిజిస్ట్రేషన్ ఇవ్వదు. ‘తాజా రొట్టె’, ‘కేక్ హౌస్’ లాంటివి ప్రతి బేకరీవాడికీ కావాల్సిన మాటలు. వాటిని ఒక్కరికి కట్టబెట్టరు. సరుకుతో నేరుగా సంబంధం లేని మాట దొరకడం కష్టం గానీ, దొరికితే అది కాపాడుకోదగ్గది.

ఇంకొకరి పేరును పోలిందా లేదా అన్నది కళ్లతో కాదు, చెవులతో చూడాలి. 1962లో సుప్రీంకోర్టు ముందుకు ‘అమృతధార’, ‘లక్ష్మణ్‌ధార’ అనే రెండు మందుల పేర్ల తగాదా వచ్చింది. రెండింటి మొదటి సగం వేరు, అర్థమూ వేరు. అయినా మామూలు కొనుగోలుదారుకు పూర్తిగా గుర్తుండదు, మొత్తం మీద వినికిడి దగ్గరగా ఉంది కాబట్టి పొరబడే అవకాశం ఉందని కోర్టు అంది. ట్రేడ్‌మార్క్ కార్యాలయం వెబ్‌సైట్‌లో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు, ఒకే అక్షరాలతో ఉన్నవే కాక ఒకేలా వినబడేవి వెతికే వీలు కూడా ఉంది. రొట్టె, బిస్కెట్, రస్కు లాంటి సరుకు 30వ తరగతిలోకి, కొట్లో కూర్చోబెట్టి తినిపించే సేవ 43వ తరగతిలోకి వస్తాయి. వెతకాల్సింది ఈ రెండింటిలో. సొంత యజమాని ఆన్‌లైన్‌లో దరఖాస్తు చేస్తే తరగతికి 4,500 రూపాయల ఫీజు. అంగీకరించాక పేరును జర్నల్‌లో ప్రచురిస్తారు, నాలుగు నెలల్లో ఎవరైనా అభ్యంతరం చెప్పొచ్చు. రిజిస్టరైతే పదేళ్లు ఉంటుంది, తరవాత మళ్లీ కట్టుకోవాలి. మురిపెం లాంటి అందరికీ తెలిసిన మాటను ఎవరో ముందే తీసుకుని ఉండటం మామూలే. అందుకే మూడు పేర్లు అడగడం, లోగో గీయకముందే వెతకడం. గీసిన తరవాత వెతికితే బొమ్మ మీద ప్రేమ పుట్టి, కనబడిన పోలిక కూడా కనబడనట్టే ఉంటుంది.

రిజిస్టర్లో లేదు గదా అని ధైర్యపడటమూ పూర్తిగా సరికాదు. రిజిస్టర్ చేసుకోకపోయినా ముందు నుంచి వాడుతున్నవాడికి చట్టం రక్షణ ఇస్తుంది. పక్క పట్నంలో ఇరవై ఏళ్లుగా నడుస్తున్న చిన్న కొట్టు పేరు ఏ వెబ్‌సైట్‌లోనూ ఉండకపోవచ్చు. మైదా, డాల్డా వేసే హోల్‌సేల్ వ్యాపారిని అడిగితే మాత్రం జిల్లాలో ఏ బేకరీకి ఏ పేరుందో ఇట్టే చెబుతాడు.

సందేశంలో రాయాల్సిన ఆఖరి మాట లోగో ఎవరిదన్నది. డబ్బిచ్చి గీయించాం కాబట్టి మనదే అనుకుంటారు. 1957 కాపీరైట్ చట్టం ప్రకారం బయట సొంతంగా పనిచేసే డిజైనర్ గీసిన లోగోకు మామూలుగా మొదటి హక్కుదారు గీసినవాడే. హక్కు మారాలంటే సంతకంతో రాత ఉండాలి. ఆ రాతలో ఎంతకాలమో రాయకపోతే ఐదేళ్లకే అనీ, ఎక్కడివరకో రాయకపోతే భారతదేశానికే అనీ చట్టం అనుకుంటుంది. ‘లోగో మీద అన్ని హక్కులూ ఎప్పటికీ బేకరీ యజమానికే’ అని ఒక వాక్యం, కింద ఇద్దరి సంతకాలు ఉంటే చాలు. డిజైనర్లు చాలామంది అభ్యంతరం చెప్పరు. పని మొదట్లో అడిగితే మరీ.

ఈ ఉదాహరణలో ఏ పేరు సరైనదో ఆవిడ సందేశమే తేల్చేసింది. కొట్టొక్కటే నడిపేటట్టయితే లాకుల బేకరీని మించింది లేదు, ఊరు ఉచితంగా ఇచ్చిన పేరది. రస్కు ప్యాకెట్లు పక్క ఊరికి వెళ్తాయని ఆవిడ రాసింది కాబట్టి మురిపెం అన్నదే పేరు. ‘లాకుల దగ్గర’ అన్నది బోర్డు మీద కింది వరసలో ఉండాలి. రిజిస్టర్లో అది ముందే వేరేవాళ్లకుంటే డిజైనర్ మళ్లీ అదే కొలతలతో వెతుకుతాడు. సందేశం తిరగరాయాల్సిన పని లేదు.

పేరు ఖాయమయ్యాక కొత్త కవర్లు ముందుగా అచ్చు వేయించడం చాలామంది చేసే పొరపాటు. ప్యాకెట్ మీద తయారీదారు పేరు, చిరునామా, 14 అంకెల ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు ఉండాలి. అవి లైసెన్సులో ఉన్నట్టే ఉండాలి కాబట్టి ముందు ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ, జీఎస్టీ కాగితాల్లో పేరు మార్చుకుని అప్పుడు ప్రెస్సుకు వెళ్లాలి. గుడ్డు పడిన సరుకైతే దాని మీద ఆకుపచ్చ వృత్తం కాదు, గోధుమరంగు త్రిభుజం రావాలి. పాత బోర్డు దించిన చోట కనీసం ఆరు నెలలపాటు ‘పాత అయ్యంగార్ బేకరీ’ అని చిన్న అట్ట వేలాడదీస్తే కేకు ఆర్డరిచ్చినవాళ్లు వెతుక్కోకుండా వస్తారు.